మొత్తం కుదిరిన ఫైల్

లెక్కలు రాసేవాడికి దొరికే సుఖాల్లో పెద్దది, ఈ పక్క మొత్తం, ఆ పక్క మొత్తం పైసాతో సహా ఒకటే కావడం. నాకు పద్దులు నేర్పిన పెద్దాయన టోటల్ కుదరగానే కలం మూసి, కండువా దులుపుకుని లేచేవారు. ఇక ఆ రోజుకి ఎవరు పిలిచినా పలికేవారు కాదు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఈ సుఖాన్ని అనుమానించడం నేర్పింది మాత్రం ఆయన కాదు, డెలివరీ కుర్రాళ్లకి డబ్బులు పంపే ఫైల్.

విజయవాడ ఆటోనగర్ వైపు ఉన్న ఒక పార్శిల్ హబ్‌కి నేను లెక్కలు చూస్తాను. ఆన్‌లైన్ కంపెనీల సరుకు తెల్లవారుజామున లారీల్లో దిగుతుంది. దాన్ని ఇళ్లకు చేర్చే కాంట్రాక్టు మా ఓనరు గారిది. తిప్పే కుర్రాళ్లు రెండు వందలకు కాస్త తక్కువ. వాళ్లకి నెల జీతం ఉండదు, పార్శిల్‌కి ఇంత అని. వారానికోసారి మంగళవారం డబ్బు పడాలి.

ఒకప్పుడు కవర్లలో పెట్టి ఇచ్చేవాళ్లం. కుర్రాడు కవరు చించి, మన ఎదుటే లెక్కపెట్టుకుని, రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. యాభై తగ్గితే అక్కడే తెలిసేది, అక్కడే తీరేది. ఆ పద్ధతిలో దొంగల భయం ఉంది, చిల్లర తలనొప్పి ఉంది, సాయంత్రమంతా వృథా. దాని మీద నాకేమీ బెంగ లేదు. కాకపోతే ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒకే బల్లకి అటూ ఇటూ ఉండేవాళ్లు కాబట్టి ప్రతి కవరూ విడిగా సరిచూసుకోబడేది. ఫైల్‌లో ఆ పని చేసే మనిషి లేడు. మనమే ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలి.

ఫైల్ అంటే బ్రహ్మవిద్య కాదు. ఒక మనిషికి ఒక వరస. బ్యాంకు ఇచ్చిన నమూనా ప్రకారం గడులు నింపి, కంపెనీ నెట్ బ్యాంకింగ్‌లో ఎక్కించడమే. ఒక వరస సుమారుగా ఇలా ఉంటుంది:

```
W31-R118,007812345678901,ABCD0001234,4386.00,NEFT
```

మొదటిది మేము పెట్టుకున్న గుర్తు: ముప్ఫై ఒకటో వారం, నూట పద్దెనిమిదో రైడర్. తర్వాత ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, రూపాయలు, పంపే దారి. ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకువి, చివరి ఆరూ బ్రాంచివి, మధ్యలో ఐదోది ఎప్పుడూ సున్నా. ఆ సున్నా చోట ఇంగ్లీషు ‘ఓ’ కొట్టేవాళ్లు ప్రతి నెలా ఒకరు తగులుతారు. అది మంచి తప్పు, ఎందుకంటే బ్యాంకు ఎక్కించేటప్పుడే పట్టేసి వెనక్కి తోస్తుంది. నన్ను భయపెట్టేవి బ్యాంకుకి కనపడని తప్పులు.

ఆ 4,386 ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వారంలో 322 పార్శిళ్లు, ఒక్కోదానికి పద్నాలుగు చొప్పున 4,508. ఆదివారం తిరిగినందుకు ఇన్సెంటివ్ 300. క్యాష్ ఆన్ డెలివరీ వసూళ్లలో అతను తక్కువ కట్టిన 422 తీసేస్తే 4,386. ఈ లెక్కంతా వేరే షీటులో ఉంటుంది. ఫైల్‌కి చేరేది చివరి అంకె ఒక్కటే. బ్యాంకుకి ఆ కుర్రాడి వారం గురించి ఇంకేమీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

తెలియాల్సిన పేరు కూడా బ్యాంకు చూడదు. ఫైల్‌లో పేరు గడి ఉన్నా సరే, డబ్బు జమ చేయడానికి ఖాతా నంబరు ఒక్కటి చాలని 2010లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. నంబరు సరిగ్గా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవాడిది. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. ‘పేరు వేరే ఉంటే వెనక్కి వస్తుంది కదండీ’ అంటారు. రావచ్చు, రాకపోవచ్చు, వస్తుందని నమ్ముకుని మాత్రం ఉండకూడదు. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేవాళ్లకి ఖాతాదారు పేరు ముందుగా చూపించే ఏర్పాటు బ్యాంకులు పెట్టాల్సి వచ్చింది. కొత్త కుర్రాడి ఖాతా చేర్చేటప్పుడు అది పనికొస్తుంది. అంతకుముందు అయితే ఐఎంపీఎస్‌లో ఒక రూపాయి పంపి, తిరిగొచ్చిన జవాబులో పేరు చదువుకునేవాళ్లం. ఇప్పటికీ చాలాచోట్ల అదే చేస్తారు. రూపాయి పోతే పోయింది.

ఇక ఎక్సెల్. అది నంబర్లను ప్రేమించే తీరు వేరు. పైన చూపించిన ఖాతా నంబరు రెండు సున్నాలతో మొదలైంది. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ దాన్ని లెక్కించాల్సిన సంఖ్యగా తీసుకుంటుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, మిగిలింది `7.81235E+12` అని గడిలో కనపడుతుంది. అలాగే సేవ్ చేశామా, ఫైల్‌లో కూడా ఆ వంకర రాతే మిగులుతుంది. పదహారు అంకెల ఖాతాలదైతే ఇంకో గొడవ. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోదాన్ని సున్నా చేసేస్తుంది. వంకర రాతని బ్యాంకు పట్టుకుంటుంది. సున్నాతో ముగిసే పదహారు అంకెలు మాత్రం చూడ్డానికి నిజం ఖాతా నంబరులాగే ఉంటాయి. అందుకే ఖాతా గడి మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తయారైన ఫైల్‌ని ‘ఒక్కసారి చూద్దాం’ అని మళ్లీ ఎక్సెల్‌లో తెరవకూడదు. ఒకవేళ చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్ ఉంది.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఏం జరగగలదో మాకు తెలిసిన ఇంకో హబ్‌లో జరిగింది. అక్కడి యజమానికి ఆ వారం ఎవరు ఎక్కువ సంపాదించారో చూడాలని ముచ్చటేసింది. రూపాయల గడి ఒక్కటే పట్టుకుని పెద్ద నుంచి చిన్నకి సర్దమన్నాడు. ఎక్సెల్ హెచ్చరించింది కూడా: `Expand the selection` కావాలా, `Continue with the current selection` కావాలా అని. రెండోది నొక్కాడు. ఖాతాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, రూపాయలు మాత్రం కదిలాయి. పంక్తి భోజనంలో విస్తళ్లు అలాగే ఉంచి మనుషుల్ని తలా ఒక చోట మార్చి కూర్చోబెట్టినట్టు. అందరి ముందూ ఆకు ఉంది, ఎవరి ఆకూ వాళ్లది కాదు.

వరసల సంఖ్య మారలేదు, మొత్తం మారలేదు. ఎక్కించినవాడు చూసింది ఆ రెండే. ఆమోదించినవాడు చూసిందీ ఆ రెండే. దీన్నే బ్యాంకు భాషలో మేకర్, చెకర్ అంటారు: ఒకరు ఎక్కించాలి, వేరే మనిషి ఓటీపీ కొట్టి ఆమోదించాలి. చెప్పుకోవడానికి రెండు జతల కళ్లు. కానీ చెకర్‌కి ఫోనులో కనపడేది ఫైల్ పేరు, ఇన్ని వరసలు, ఇంత మొత్తం. మా ఓనరు గారైతే పెళ్లి పందిట్లో అక్షింతలు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఆమోదించిన సందర్భాలున్నాయి. ఆయన్నేమీ అనను. ఆయన్ని అడిగింది మొత్తం సరేనా అని, అది సరిగ్గానే ఉంది.

ఆ హబ్‌లో తప్పు ఎలా బయటపడిందన్నది ఇంకా చిత్రం. తక్కువ పడ్డవాళ్లు పావుగంటలో ఫోన్లు మొదలుపెట్టారు. ఎక్కువ పడ్డవాళ్ల దగ్గర్నుంచి ఒక్క ఫోనూ లేదు. తగ్గిందన్న రూపాయలన్నీ కూడితే, నోరెత్తనివాళ్ల దగ్గర ఉన్న రూపాయలతో సరిగ్గా సమానం. అక్కడ కూడా టోటల్ కుదిరింది! జమ అయిన డబ్బుని, పుచ్చుకున్నవాడు ఒప్పుకోకుండా బ్యాంకు వెనక్కి లాగదు. తక్కువ పడ్డవాళ్లకి అప్పటికప్పుడు చేతి నుంచి వేసి, ఎక్కువ పడ్డవాళ్ల దగ్గర వచ్చే వారాల్లో కొంచెం కొంచెం కోసుకున్నారు. ఈలోగా పని మానేసినవాళ్ల దగ్గరున్నది పోయినట్టే.

మొత్తం పట్టించలేని ఈ తప్పుని పట్టించే లెక్క ఒకటుంది. ఖాతా నంబరు చివరి అంకెల్ని రూపాయలతో హెచ్చవేసి, వచ్చినవన్నీ కూడాలి. ఆ సంఖ్యకి విడిగా ఏ అర్థమూ లేదు. ఇద్దరే మనుషులున్నారనుకోండి. ఒకరి ఖాతా 3తో ముగుస్తుంది, రావలసింది 4,000. ఇంకొకరిది 7తో ముగుస్తుంది, రావలసింది 5,000. మొత్తం 9,000. హెచ్చవేసి కూడితే 12,000కి 35,000 కలిసి 47,000. ఇప్పుడు ఇద్దరి రూపాయలూ తారుమారు చేయండి. మొత్తం మళ్లీ 9,000. హెచ్చవేసిన కూడిక మాత్రం 43,000 అవుతుంది. ఎవరికి ఎంత అన్న జత చెదిరితే ఈ సంఖ్య కూడా చెదురుతుంది. చివరి నాలుగంకెలు తీసుకుంటే ఇంకా గట్టిది. 186 వరసలకి ఎక్సెల్‌లో ఇంతే:

```
=SUMPRODUCT(--RIGHT(B2:B187,4), D2:D187)
```

దీన్ని రెండుచోట్ల వేయాలి. ఒకటి పార్శిళ్ల లెక్క ఉన్న అసలు షీటులో, రెండోది బ్యాంకుకి వెళ్లే ఫైల్‌లోని వరసల మీద, ఆ ఫైల్‌ని నేరుగా తెరవకుండా, ఖాతా గడి టెక్స్ట్‌గానే ఉండేలా వేరే షీటులోకి తెచ్చుకుని. వరసలు పైకీ కిందకీ మారినా పర్వాలేదు, జతలు మారనంతవరకు జవాబు ఒకటే వస్తుంది. మా ఓనరు గారికి నేను మొత్తంతో పాటు ఈ సంఖ్య కూడా రెండుసార్లు పంపిస్తాను, ఆ రెండూ ఒకటేనని చూశాకే ఆయన ఓటీపీ కొడతారు. అసలు షీటులోనే ఖాతా తప్పుంటే ఇది పట్టదు. దానికోసం పోయిన వారం ఫైల్‌తో పోల్చి, ఎవరి ఖాతా మారిందో వాళ్ల వరసలు మాత్రం విడిగా తీస్తాను. మారినవాళ్లు సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకి ఫోన్ చేసి, ‘ఏరా, ఖాతా మార్చావా?’ అని అడగడానికి పెద్ద టైమేం పట్టదు. ఇలా అడిగినప్పుడే ‘లేదు సార్, నేనేం మార్చలేదే’ అన్న జవాబు వస్తే కథ వేరే ఉంటుంది. తమ్ముడి ఖాతానో స్నేహితుడి ఖాతానో ఎవరు పెట్టించారో అప్పుడు ఆఫీసులోనే వెతుక్కోవాలి.

ఇప్పుడు ఫైల్ వెళ్లింది. మా బ్యాంకులోనే ఖాతాలున్నవాళ్లకి వెంటనే పడిపోతుంది. మిగతావి నెఫ్ట్‌లో అరగంటకొక బ్యాచి చొప్పున కదులుతాయి. 2019 డిసెంబరు నుంచి దానికి రాత్రీ పగలూ, సెలవూ పండగా లేవు. బ్యాచి తేలాక రెండు గంటల్లోపు అవతలి బ్యాంకు జమ అయినా చేయాలి, తిప్పి అయినా పంపాలి. నాలుగింటికి ఆమోదిస్తే ఏడింటికల్లా అన్నిటి సంగతీ తేలిపోతుంది. మధ్యలో ఆ మూడు గంటలూ, మెసేజీ వచ్చినవాడు రానివాడికి చూపిస్తాడు, రానివాడు నాకు ఫోన్ చేస్తాడు.

186 వరసల్లో మూడు నాలుగు తిరిగి రావడం మామూలే. కొన్నాళ్లు బ్యాంకుల విలీనాలు ఈ పని చేశాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇక్కడ సగంమంది పాస్‌బుక్కుల్లో ANDBతో మొదలయ్యే కోడ్ అలాగే ఉండిపోయింది. ఏడాది తర్వాత పాత కోడ్‌లు చెల్లవన్న వారం నేను చేసిన ఫోన్లకి లెక్కలేదు. అది ఒకసారి సర్దుకుంటే పోయే బాధ. ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చే రకం ఇంకొకటుంది.

ఒక కుర్రాడు సొంత ఖాతా బదులు వాళ్లమ్మ ఖాతా ఇచ్చాడు. తన ఖాతాలో ఏం పడ్డా బండి లోను వాయిదాకి పోతుందని అతని భయం. ఒప్పుదల కాగితం రాయించుకుని తీసుకున్నాం. వారానికి సగటున 4,400, ఏప్రిల్ మొదలు ఇరవై రెండు వారాలు నిక్షేపంగా పడ్డాయి. సెప్టెంబరు మొదట్లో తిరిగొచ్చింది. ఖాతా ఉంది, నంబరు ఒప్పే, కోడ్ ఒప్పే. తల్లి బ్రాంచికి వెళ్తే తేలింది: అది గుర్తింపు పత్రాలు లేకుండా ఫొటో ఒక్కటి పెట్టి తెరిచిన చిన్న ఖాతా. అలాంటిదానిలో ఒక ఆర్థిక సంవత్సరంలో లక్ష రూపాయలకు మించి జమ పడకూడదు. ఇరవై రెండు వారాలకి 96,800. ఇరవై మూడోది పడితే లక్ష దాటుతుంది. పత్రాలన్నీ ఇచ్చి తెరిచిన జన్‌ధన్ ఖాతాకి ఈ హద్దు లేదు. ఆమె ఆధార్, పాన్ ఇచ్చి ఖాతాని మామూలుగా మార్పించుకుంది. ‘ఇన్నాళ్లు పడింది కదా సార్, ఇప్పుడేమైంది?’ అని ఆ కుర్రాడు అడిగినప్పుడు, ఇరవై రెండుసార్లు పడినంత మాత్రాన ఇరవై మూడోసారి పడుతుందని లేదని అతనికి చెప్పడం కష్టమైంది. ఇప్పుడు ఖాతా తీసుకునేటప్పుడే ఆ సంగతి అడుగుతున్నాం.

తిరిగొచ్చిన డబ్బు ఎక్కడికొస్తుంది? మా ఖాతాలోకే. ఇక్కడ మళ్లీ ఆ పాత సుఖం వల వేస్తుంది. మా బ్యాంకు మొత్తం ఫైల్‌కి ఒకే ఖర్చు చూపిస్తుంది: 8,14,320 అని ఒక్క గీత. తర్వాత తిరిగొచ్చిన 4,400 జమలో కనపడుతుంది. పుస్తకంలోనూ అంతే రాసుకుంటే బ్యాంకు నిల్వ పైసాతో సహా కుదురుతుంది. కానీ ఆ 4,400 మాది కాదు, ఆ కుర్రాడికి మేము బాకీ. పని చేస్తున్నవాడైతే వచ్చి అడుగుతాడు. మానేసి ఊరెళ్లిపోయినవాడు రెండుసార్లు ఫోన్ చేసి వదిలేస్తాడు. సంవత్సరం చివర్లో అలాంటివి కొన్ని పోగై, ఎవరూ దొంగతనం చేయకుండానే కంపెనీ లాభంలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకని తిరిగొచ్చిన ప్రతి వరసకీ ఆ రైడర్ పేరు మీద బాకీ పద్దు పడాలి. అది సున్నా అయ్యేదాకా పద్దు మూయకూడదు.

తిరిగొచ్చినదానికన్నా, తేలనిదానితో ఎక్కువ ప్రమాదం. ఆలస్యంగా లెక్క తేలినవాళ్లకి మేము ఐఎంపీఎస్‌లో పంపుతాం, క్షణాల్లో పడుతుంది కాబట్టి. అప్పుడప్పుడూ ఒకటి ‘పెండింగ్’ అని నిలబడిపోతుంది. మా ఖాతాలోంచి పోయింది, అతని ఖాతాలో పడలేదు. కుర్రాడు కౌంటరు దగ్గర నిలబడి, ‘బండిలో పెట్రోలు కూడా లేదు సార్’ అంటాడు. ఇంకోసారి కొట్టేస్తే పోలా అనిపిస్తుంది. కొట్టకూడదు. ఆ మొదటిది చచ్చిపోలేదు, అవతలి బ్యాంకు నుంచి జవాబు రాలేదంతే. గంట తర్వాత అది పడితే రెండూ పడతాయి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు ప్రకారం, జమ కాని ఐఎంపీఎస్ డబ్బు మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ వంద రూపాయలు బ్యాంకు చెల్లించాలి. కాబట్టి ఆ సాయంత్రానికి చేతి ఖర్చుకి అడ్వాన్సు వోచరు రాసి అయిదొందలిచ్చి, మర్నాటి దాకా ఆగడమే పని. మొదటి ప్రయత్నం తిరిగొచ్చిందని స్టేట్‌మెంటులో కళ్లారా చూశాక, అప్పుడు `W31-R118-2` అని కొత్త గుర్తుతో పంపాలి. గుర్తు ఊరికే పెట్టుకున్నది కాదు. ఒకే గుర్తు రెండోసారి వస్తే చాలా బ్యాంకుల సిస్టమ్‌లు ఆపుతాయి, గుర్తు మార్చి పంపితే ఆపేవాడు లేడు. గాభరాలో మొత్తం ఫైల్‌నే ఇంకో పేరుతో రెండోసారి ఎక్కించినవాళ్ల గురించి కూడా విన్నాను.

ఇంత చెప్పినా, ఫైల్‌లో ఎప్పటికీ కనపడని మనుషులు కొందరుంటారు. ఒకడి వారం సంపాదన 2,100, క్యాష్ వసూళ్లలో కట్టాల్సింది 2,600. లెక్క మైనస్ ఐదొందలు. మైనస్‌ని బ్యాంకు ఒప్పుకోదు, సున్నాని ఒప్పుకోదు. ఫైల్ తయారయ్యేటప్పుడే ఆ వరస రాలిపోతుంది. పడలేదని తిరిగిరాదు, పెండింగ్ అని నిలబడదు. 185 వరసలకి మొత్తం కుదురుతుంది, హెచ్చవేసిన కూడిక కూడా కుదురుతుంది. ఆ 2,600 నిజంగా అతని దగ్గరుందో, కస్టమరు తిప్పి పంపిన పార్శిల్‌ని ఎవరైనా వసూలు కింద కొట్టేశారో ఫైల్ చెప్పదు. సగంసార్లు ఆ రెండోదే అవుతుంది. ఆ కుర్రాడు మాత్రం సిగ్గుపడి అడగడు. వారమంతా తిరిగి, ఏమీ పడని ఫోను చూసుకుని, అందరితో పాటు టీ తాగి వెళ్లిపోతాడు.

అందుకే పార్శిళ్ల షీటులో ఆ వారం పని చేసిన వాళ్ల జాబితాలోంచి ఫైల్‌లో ఉన్నవాళ్లని తీసేస్తాను. మిగిలిన పేర్లని ఒక చిన్న కాగితం మీద రాసి, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి హబ్ సూపర్‌వైజరు చేతిలో పెడతాను. ఆ పేర్ల పక్కన అతను కారణం రాసి సంతకం పెట్టేదాకా ఫైల్ ఎక్కించను. మొదట్లో అతను విసుక్కునేవాడు, ‘వీళ్లకి డబ్బులే లేవు కదండీ, వీళ్ల కోసం మిగతావాళ్లని ఆపుతారేంటి?’ అని. ఇప్పుడు రెండున్నరకే వచ్చి కాగితం అడుగుతున్నాడు.